సోమవారం సాయంత్రమైన వైనం

ఆమె ఉద్యోగం పేరు క్లినికల్ ఫార్మసిస్టు. ఆసుపత్రిలో ఆ పేరు పలికేది రెండే చోట్ల: హాజరు పట్టీలోనూ, తనిఖీకి వచ్చే అధికారుల నోటా. మిగతా జనాభాకంతటికీ ఆమె 'ఇంకేమైనా మేడం'.

ఆ బిరుదు ఎవరూ సభ పెట్టి ఇచ్చింది కాదు. కొత్తగా చేరిన ప్రతి రోగి దగ్గరా ఆమె కూర్చుని, ఇంట్లో ఏయే మందులు వాడుతున్నారో రాసుకుంటుంది. అంతా చెప్పేశాం అని వాళ్ళు ఊపిరి పీల్చుకోగానే "ఇంకేమైనా?" అంటుంది. ఏం లేవంటారు. కాసేపాగి మళ్ళీ "ఇంకేమైనా?" అంటుంది. మూడోసారికి జనం నిజం చెబుతారు. ఒకరు దిండు కింద నిద్రమాత్ర చూపిస్తారు, ఇంకొకరు పక్కింటావిడ ఇచ్చిన చూర్ణం బయటపెడతారు. పోలీసులు లాఠీతో రాబట్టలేనిది ఆమె ఒక్క మాటతో రాబడుతుందని వార్డుబాయి చెప్పుకుంటూ ఉంటాడు. అతనికి పోలీసుల సంగతి ఎలా తెలుసో ఎవరూ అడగలేదు.

ఈ ఉద్యోగానికి రాకముందు ఆమె పద్దెనిమిదేళ్ళు మందుల షాపులో కౌంటరు వెనక నిలబడింది. డాక్టర్ల రాతను బ్రహ్మరాత అంటారు గానీ, బ్రహ్మ రాసినదాన్ని చదివే పని ఎవరికీ పడలేదు. డాక్టర్లు రాసినదాన్ని ఆమె చదివింది. చదివి, చిన్న కాగితం కవర్లలో మాత్రలు వేసి, వాటి మీద ఉ, మ, సా, రా అని రాసి ఇచ్చేది. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి. మానవ జీవితమంతా ఆ నాలుగక్షరాల్లో ఇమిడిపోతుందని ఆమెకు అప్పట్లో గట్టి నమ్మకం. క్యూలో పదిహేను మంది నిలబడి ఉంటే అయిదో అక్షరం రాసే తీరిక ఎవరికుంటుంది?

ఆసుపత్రిలో ఆమెకిచ్చిన సింహాసనం స్ట్రెచర్లు దిగే లిఫ్టు పక్కన ఒక బల్ల. దాని మీద ఒక ఫారాల కట్ట. అందులో గళ్ళు: మందు పేరు, మోతాదు, రోజుకెన్ని సార్లు, చివరిసారి ఎప్పుడు వేసుకున్నారు, ఈ సంగతి ఎవరు చెప్పారు, ఆసుపత్రి చార్టులో ఎలా ఉంది, తేడా ఏమిటి, నిర్ణయం ఏమిటి, ఎవరిది. మొదట్లో డాక్టర్లందరూ ఈ ఫారం తనిఖీల కోసం పుట్టిందనీ, తనిఖీ అవగానే పోతుందనీ అనుకున్నారు. తనిఖీ వచ్చింది, వెళ్ళింది. ఫారం మాత్రం అల్లుడిలా ఉండిపోయింది.

ఆ మంగళవారం మధ్యాహ్నం మూడున్నరకు ఆమె ఆడవాళ్ళ వార్డులో ఏడో నంబరు మంచం దగ్గరికి వెళ్ళింది. మంచం మీద అరవై ఎనిమిదేళ్ళ పెద్దావిడ. ఒకప్పుడు బళ్ళో కుట్టు టీచరు. నాలుగు రోజులుగా జ్వరం, నోరంతా పుళ్ళు, మంచినీళ్ళు కూడా మింగలేని స్థితి. పొద్దున చేర్చారు. రక్తపరీక్షలో తెల్లకణాలు పందొమ్మిది వందలు, ప్లేట్‌లెట్లు అరవై రెండు వేలు. రెండూ ఉండవలసిన దానిలో సగం కూడా లేవు. జూనియర్ డాక్టరు కేసు కాగితం మీద 'వైరల్ జ్వరం కావచ్చు' అని రాశాడు. ఆ వారం వార్డులో సగం మంది మీద అతను అదే రాశాడు, చాలావరకు నిజమే కూడా.

పక్కన స్టూలు మీద కోడలు. ముప్పై అయిదేళ్ళుంటాయి. చేతిలో ఒక నోటుబుక్కు కాగితం. అందులో గీతలు గీసి, ఎర్ర సిరాతో శీర్షికలు పెట్టి, అత్తగారి మందుల పట్టిక.

"ఇది మీరే రాశారా?" అంది ఫార్మసిస్టు.

"అవును మేడం. ఏ మాత్రా మరిచిపోకుండా నేనే ఇస్తాను. మా ఆయనకి అప్పగిస్తే ఆదివారం మందు బుధవారం గుర్తొస్తుంది."

పట్టిక చక్కగా ఉంది. పొద్దున బీపీ మాత్ర. రాత్రి బీపీ మాత్ర, వేరే పేరుతో. మూడో వరసలో ఫార్మసిస్టు కళ్ళు ఆగిపోయాయి. కీళ్ళనొప్పుల మాత్ర, మెథోట్రెక్సేట్ పది మిల్లీగ్రాములు. సాయంత్రం ఆరు గంటలకి. రోజూ.

ఆమె ఆసుపత్రి చార్టు తీసి చూసింది. జూనియర్ డాక్టరు ఆ పట్టికను భక్తిగా చార్టులోకి ఎక్కించాడు: మెథోట్రెక్సేట్ పది, రోజూ, సాయంత్రం ఆరు.

ఇక్కడ పాఠకుడికి ఒక్క ముక్క చెప్పాలి. కీళ్ళవాతానికి ఇచ్చే ఈ మాత్ర వారానికి ఒక్కసారి వేసుకోవలసింది. వారానికొకసారైతే మందు. రోజూ అయితే అది శరీరంలో కొత్త కణాలు పుట్టకుండా అడ్డుపడుతుంది. నోటిలోపలి చర్మం, ఎముకల మూలుగలో పుట్టే రక్తకణాలు, ఇలా రోజూ కొత్తగా తయారయ్యేవే ముందు దెబ్బతింటాయి. మనిషిని చంపేయడానికి రెండు వారాలు అక్కర్లేదు.

ఇప్పుడు రెండు సంగతులు సాధ్యం. కోడలు పట్టికలో మాత్రమే పొరపాటు రాసి ఉండవచ్చు. అప్పుడు ఆరింటి మోతాదు ఆపితే సరిపోతుంది. లేదా పెద్దావిడ ఆ మాత్ర నిజంగానే రోజూ మింగి ఉండవచ్చు; అప్పుడు మంచం మీద ఉన్నది వైరల్ జ్వరం కాదు.

ఫార్మసిస్టు ముఖంలో ఏమీ కనిపించనివ్వలేదు. కౌంటరు వెనక నేర్చుకున్న విద్య అది. మెల్లగా లేచి నర్సు దగ్గరికి వెళ్ళింది.

"సిస్టర్, ఏడో నంబరు ఆరింటి మెథోట్రెక్సేట్ ఇవ్వకండి. నేను డాక్టరుతో మాట్లాడి వస్తా. అప్పటిదాకా ఆ మాత్ర నా చేతికివ్వండి."

"చార్టులో ఉందిగా మేడం?"

"చార్టులో ఉంది. అదే భయం."

నర్సు మాత్ర ఇచ్చేసి, చార్టులో ఆ గడి పక్కన 'ఆపి ఉంచాం, డాక్టరుతో మాట్లాడాలి' అని రాసింది. ఫార్మసిస్టు జూనియర్ డాక్టరుకు ఫోను చేసి చెప్పి, తిరిగి స్టూలు పక్కన కూర్చుంది.

"అమ్మా, మీ మందుల సంచీ తెచ్చారా?"

తెచ్చారు. కోడలు సంచీలోంచి ఒక్కొక్కటి తీసి మంచం మీద పేర్చింది. మెథోట్రెక్సేట్ అట్టలో పది గుంటలు. ఎనిమిది ఖాళీ, రెండింట్లో మాత్రలు. దాన్ని పెట్టి ఇచ్చిన కాగితం కవరు మీద షాపువాళ్ళు తేదీ వేశారు. పోయిన సోమవారం.

ఫార్మసిస్టు వేళ్ళు మడిచి లెక్క చూసింది. ఆ సోమవారం నుంచి నిన్నటి సోమవారం దాకా ఎనిమిది సాయంత్రాలు. పది వారాలు రావలసిన అట్ట ఎనిమిది రోజుల్లో దాదాపు పూర్తయింది.

"ఇది రోజూ ఇచ్చారా?"

"ఒక్కపూట తప్పలేదు మేడం. నిన్న సాయంత్రం మింగలేకపోతుంటే పొడి చేసి, నీళ్ళలో కలిపి చెంచాతో పోశా." కోడలి గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

ఫార్మసిస్టు కవరును వెలుతురులో పట్టుకుని చూసింది. దాని మీద నీలం సిరాతో ఒక అక్షరం, పక్కన ఒకటి అంకె. కోడలు దాన్ని 'సా' అని చదివింది. అందరూ అలాగే చదువుతారు. అక్షరం నెత్తిన సిరా అందక ఒక గీత సగంలో వదిలేసినట్టుంది, లేదా ఈగ వాలినట్టుంది.

"ఈ మాత్ర రాసిన డాక్టరు ఇంకేమైనా రాశారా?"

"ఇంకో మాత్ర రాశారు గానీ, అది మనది కాదు మేడం. షాపువాళ్ళు పొరపాటున ఇచ్చారు." కోడలు సంచీ అడుగు నుంచి విప్పని కవరు తీసింది. "చూడండి, దీని మీద 'గు' అని రాశాడు. గుండెకని. మా అత్తయ్యకి గుండె జబ్బు లేదు కదా, ఎందుకులే అని పక్కన పెట్టా."

కవరులో ఫోలిక్ యాసిడ్ మాత్రలు. మెథోట్రెక్సేట్ వల్ల జరిగే నష్టం తగ్గించడానికి వారంలో వేరే రోజున ఇచ్చేవి. 'గు' అంటే గుండె కాదు, గురువారం. 'గు' గురువారమైతే ఆ 'సా' సాయంత్రం కాదు. సోమవారం. 'సో'. ఓత్వం పైకి లేవకుండా దీర్ఘంగా పడిపోయింది, అంతే.

పద్దెనిమిదేళ్ళ పాటు వారానికొకసారి మందుల కవర్ల మీద తను రాసిన 'సో'లన్నీ ఆమెకు ఒక్కసారి గుర్తొచ్చాయి. వాటిలో ఎన్నింటికి ఓత్వం పైకి లేచిందో, ఎన్నింటికి లేవలేదో చెప్పేవాళ్ళెవరూ లేరు. ఆమె కవరును మంచం మీద బోర్లించింది.

అయినా ఒక్క కవరు చూసి తీర్పు ఇవ్వకూడదన్నది ఆ ఫారం నేర్పే మొదటి పాఠం. కోడలి భర్త ఇంట్లో ఉన్నాడు. కోడలు అతనికి ఫోను చేసి, డాక్టరు చీటీ ఫోటో తీసి పంపమంది. మొదటి ఫోటోలో అతని బొటనవేలు వచ్చింది. రెండో ఫోటోలో సీలింగు ఫ్యాను. మూడోదానిలో చీటీ వచ్చింది గానీ తలకిందులుగా.

"ఈయనతో పదమూడేళ్ళుగా కాపురం చేస్తున్నా మేడం," అంది కోడలు. ఫార్మసిస్టు సానుభూతిగా తలూపి, ఫోను తిప్పి చదివింది. కీళ్ళ డాక్టరు స్పష్టంగానే రాశాడు: మెథోట్రెక్సేట్ పది, వారానికి ఒకసారి మాత్రమే, సోమవారం. ఫోలిక్ యాసిడ్ అయిదు, వారానికి ఒకసారి, గురువారం.

తరవాత ఆ డాక్టరు క్లినిక్కుకు ఫోను. రిజిస్టరు చూసి వాళ్ళూ అదే చెప్పారు. మందు కొత్తగా మొదలుపెట్టింది పోయిన సోమవారమే అన్నారు. ఆ తరవాత మందుల షాపు. కవరు మీద రాసినతనే ఎత్తాడు. ఆమె మందుల షాపులో చేసిన రోజుల నుంచీ తెలిసినవాడు.

"అక్కా, నేను 'సో' అనే రాశా. సోమవారం. నోటితో కూడా చెప్పాననుకుంటా."

"అనుకుంటావా, చెప్పావా?"

అటువైపు కౌంటరు దగ్గర ఎవరో చిల్లర కోసం కేకేస్తున్నారు.

"జనం ఎక్కువున్నారక్కా." గొంతు తగ్గింది. "ఆవిడకేం కాలేదు కదా?"

"అదే చూస్తున్నాం. నీ దగ్గర ఈ మందు తీసుకున్నవాళ్ళు ఇంకెవరున్నారో చూసి, ఇవాళే అందరికీ ఫోను చెయ్యి. ఇక మీదట రోజు పేరు పూర్తిగా రాయి."

"రాస్తానక్కా. ఒట్టు."

ఆమె మంచం దగ్గరికి వచ్చి పెద్దావిడ మీదికి వంగింది. పుళ్ళ వల్ల ఆవిడ మాట్లాడలేదు; కళ్ళతో, చేతులతో బదులిస్తుంది. నలభై మంది ఆడపిల్లల్ని చూపుతోనే కూర్చోబెట్టిన కళ్ళవి.

"అమ్మా, కోడలు ఇచ్చేవి కాక మీరు సొంతంగా ఏమైనా వేసుకుంటున్నారా?"

లేదన్నట్టు తల.

"ఇంకేమైనా?"

లేదు. చూపు కిటికీ వైపు పోయింది.

"ఇంకేమైనా, అమ్మా?"

పెద్దావిడ కోడలి వైపు ఒకసారి చూసి, దిండు పక్కనున్న కళ్ళజోడు పెట్టెను వేలితో చూపింది. అందులో కళ్ళజోడు లేదు. నొప్పి మాత్రల అట్ట ఉంది, డైక్లోఫెనాక్. పెద్దావిడ రెండు వేళ్ళు ఎత్తింది. రోజుకు రెండు.

"అత్తయ్యా!" అంది కోడలు.

పెద్దావిడ కళ్ళు మూసుకుంది. బళ్ళో పిల్లలు దొరికిపోయినప్పుడు చేసే పని అది. ఆవిడ అక్కడే నేర్చుకుని ఉండాలి. పెట్టె అడుగున ఒక చిన్న సీసా కూడా ఉంది. కంట్లో ఒత్తిడికి వేసుకునే చుక్కలు.

"ఇవి పట్టికలో రాయలేదేం?"

"చుక్కలు కదా మేడం," అంది కోడలు. "చుక్కలు కూడా మందేనా?"

నాలుగున్నరకు జూనియర్ డాక్టరు వచ్చాడు. ఖాళీ అట్ట, రెండు కవర్లు, ఫోనులో చీటీ, కళ్ళజోడు పెట్టె వరసగా పేర్చి ఉన్నాయి. అతను చూసి చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"వాళ్ళ లిస్టులో రోజూ అని ఉంది మేడం. నేను అదే..."

"మీరు లిస్టుని చూసి రాశారు. లిస్టుని కవరు చూసి రాశారు. కవరుని చీటీ చూసి రాశారు. చీటీ ఒక్కటే డాక్టర్ని చూసింది," అంది ఆమె. తిట్టినట్టు లేదు. "కిడ్నీ పరీక్ష వచ్చిందా?"

వచ్చింది. క్రియాటినిన్ ఒకటి పాయింటు తొమ్మిది. కిడ్నీలు మందగించాయి. ఈ మందు బయటికి పోవలసిన దారి అదే. నొప్పి మాత్రలు ఆ దారిని ఇంకా ఇరుకు చేశాయి. అతను పెద్ద డాక్టరును పిలవడానికి వెళ్ళాడు. నడిచి కాదు, పరుగున.

కోడలు అప్పుడు అడిగింది. "మేడం, ఏమైంది? నిజం చెప్పండి."

ఫార్మసిస్టు చెప్పింది. మెత్తగా, చిన్న మాటల్లో. ఏదీ దాచలేదు. కోడలు తన ఎర్ర సిరా పట్టికను చూసుకుంది.

"నేనే చంపేశానా?"

"బతికే ఉన్నారు. ఆ మాట ఇక అనకండి."

"చెంచాతో పోశాను మేడం. వద్దన్నట్టు తల తిప్పితే, గడ్డం పట్టుకుని పోశాను."

ఇలాంటి చోట చెప్పడానికి ఫారంలో గడి లేదు. ఫార్మసిస్టు ఆ పట్టికను మడిచి పక్కన పెట్టింది. "మీరు మతిమరుపు మనిషైతే బావుండేది," అంది. "రోజూ ఠంచనుగా ఇచ్చారు. అదే కొంప ముంచింది. దానికి ఎవరిని తిడతాం?"

కోడలికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి, ముందు ఏది రావాలో తేలక వెక్కిళ్ళు పట్టుకున్నాయి.

పెద్ద డాక్టరు అయిదింటికి వచ్చి, పది నిమిషాల్లో అంతా తేల్చేశారు. ఆమె బల్ల దగ్గరికి వెళ్ళి ఫారం పూర్తి చేసింది. దాన్ని యథాతథంగా ఇక్కడ ఇస్తున్నాను, అలంకారాలు లేవని పాఠకులు క్షమించాలి.

'సమాచారం ఎవరి నుంచి: రోగి (సైగలతో), కోడలు, మందుల సంచీ, కీళ్ళ డాక్టరు చీటీ ఫోటో, క్లినిక్కుకు ఫోను, మందుల షాపుకు ఫోను.

మెథోట్రెక్సేట్: రాసింది వారానికి ఒకసారి. వేసుకున్నది రోజూ, ఎనిమిది మోతాదులు. చివరిది నిన్న సాయంత్రం ఆరు గంటలకు. అట్టలో మిగిలిన మాత్రలతో సరిపోయింది. ఆసుపత్రి చార్టులోనూ రోజూ అని ఉంది. ఇక్కడ ఒక్కటీ ఇవ్వలేదు. నిర్ణయం: ఆపాలి. విషప్రభావంగా భావించి, విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్ ఇంజెక్షను వెంటనే మొదలు, సెలైను, యాంటీబయాటిక్, రక్తకణాలు, కిడ్నీ పరీక్ష రోజూ. నిర్ణయం పెద్ద డాక్టరుది, సాయంత్రం 5.10.

ఫోలిక్ యాసిడ్: రాశారు, వేసుకోలేదు. గమనిక: ఫోలినిక్ వేరు, ఫోలిక్ వేరు. ఇంజెక్షను బదులు ఈ మాత్ర ఇవ్వరాదు.

బీపీ మాత్రలు రెండు: పేర్లు వేరు, మందు ఒక్కటే, రెండుసార్లు పడుతోంది. బీపీ ఇప్పుడు తక్కువ. రెండూ నిలిపి, బీపీ చూసి ఒక్కటే మళ్ళీ మొదలుపెట్టాలి.

డైక్లోఫెనాక్: సొంతంగా కొన్నది, ఎక్కడా రాసి లేదు. ఆపాలి.

కంటి చుక్కలు: చార్టులో లేవు. కొనసాగించాలి.'

ఆఖరున 'పొరపాటు ఎలా జరిగింది' అన్న గడి. అక్కడ ఆమె పెన్ను ఆగింది. 'కోడలు తప్పుగా చదివి ఇచ్చారు' అని రాయవచ్చు. అబద్ధం కాదు. ఫైలు నాలుగు చేతులు మారుతుంది; పెద్దావిడకేమైనా అయితే ఆ వాక్యం ఇంటిదాకా వెళ్ళి, గోడకు మేకు కొట్టుకుని వేలాడుతుంది. ఆమె రాసింది: 'కవరుపై సోమవారానికి పొడి అక్షరం వాడారు. అది సాయంత్రంగా చదవడానికి వీలుగా ఉంది. ఇంట్లోనూ ఆసుపత్రిలోనూ అలాగే చదివారు.' ఆ 'ఆసుపత్రిలోనూ' చూసి కూడా జూనియర్ డాక్టరు కింద సంతకం పెట్టాడు. అప్పటి నుంచి అతనంటే ఆమెకు గౌరవం.

తరవాతి నాలుగు రోజులూ అందరికీ కష్టంగానే గడిచాయి. తెల్లకణాలు ముందు ఇంకా పడి, తొమ్మిది వందలకు చేరాయి. ప్లేట్‌లెట్లు ఎక్కించారు. పెద్దావిడను విడిగా ఒక గదిలో ఉంచారు. కోడలు మాస్కు కట్టుకుని తలుపు దగ్గర నిలబడేది. గది లోపలికి వెళ్ళవచ్చని చెప్పినా వెళ్ళేది కాదు. ఫార్మసిస్టు రోజూ పొద్దున్నే తన బల్ల దగ్గరికి పోకుండా ముందు ల్యాబుకు పోయేది. అక్కడి కుర్రాళ్ళు ఆమెను చూడగానే అంకె చెప్పేవాళ్ళు, పలకరింపు మానేసి. తొమ్మిది వందలు. వెయ్యి. వెయ్యిన్నీ రెండు వందలు. ఏడో రోజున రెండు వేల ఎనిమిది వందలు. ఆ అంకె విని ఆమె ల్యాబు బయట బెంచీ మీద కాసేపు ఊరికే కూర్చుంది.

పన్నెండో రోజున పెద్దావిడను ఇంటికి పంపారు. నోటిపుళ్ళు మాని, ఆవిడకు గొంతు తిరిగొచ్చింది. వార్డంతటికీ ఆ సంగతి తెలిసింది. ఫార్మసిస్టు ఇంటి మందుల కాగితం రాసి, ఒక్కొక్కటీ చదివి వినిపించింది. మెథోట్రెక్సేట్ ఆపేశారు, కీళ్ళ డాక్టరు చూడనిదే మొదలుపెట్టకూడదు. నొప్పి మాత్రలు ఎప్పటికీ వద్దు. బీపీ మాత్ర ఒక్కటే, పొద్దున. కంటి చుక్కలు పొద్దున, రాత్రి. అన్నీ పూర్తి మాటల్లో రాసింది, కాగితం రెండో పేజీకి వెళ్ళినా.

"ఇంట్లో మందులు ఎవరు ఇస్తారు?" అంది పెన్ను పట్టుకుని.

"మా ఆయన ఇస్తారు," అంది కోడలు గోడ వైపు చూస్తూ. "నేనివ్వను మేడం. ఇక ముట్టుకోను."

కొడుకు సంచీ అందుకోవడానికి చెయ్యి చాచాడు.

"వాడా?" అంది పెద్దావిడ. "చీటీ ఫోటో తియ్యమంటే ఫ్యాను ఫోటో తీసినవాడా? వాడి చేతి మందు తింటే ఈసారి ఫ్యాను గాలి కూడా అందదు నాకు. నాలుగు రోజులు ఆ తలుపు దగ్గర నిలబడి ఏడ్చావు, నేను చూడలేదనుకున్నావా? లోపలికి వచ్చి ఏడిస్తే నీ సొమ్మేం పోయింది? ఆ సంచీ తియ్యి."

కోడలు కదల్లేదు.

"తియ్యవే," అంది పెద్దావిడ. ఈసారి గొంతు తగ్గింది. "పొద్దున మాత్ర వేళ అవుతోంది."

కోడలు సంచీ తీసుకుంది. అందులోంచి బీపీ మాత్ర అట్ట తీసి, పేరు పైకే చదివింది, మోతాదు చదివింది, 'ఉదయం' అని పూర్తిగా చదివింది, ఫార్మసిస్టు వంక చూసింది. ఆమె తల ఊపాక ఒక మాత్ర విప్పి అత్తగారి అరచేతిలో పెట్టింది. పెద్దావిడ మాత్ర నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, అందరికీ కనపడేలా మింగింది.

'ఇంట్లో మందులు ఇచ్చేవారు' అన్న గడిలో ఫార్మసిస్టు రాసింది: కోడలు.